పేపర్ ప్రకటన ఆపొచ్చా? 104 వారాల డేటాతో ఒక మార్కెటింగ్ మిక్స్ మోడల్

కారం, పసుపు, మసాలా పొడులు అమ్మే కంపెనీ ఇది. కోస్తా ఆంధ్రలో మొదలై, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కిరాణా షాపుల ద్వారా అమ్ముతుంది. ఏడాది అమ్మకాలు 150 కోట్ల దగ్గర ఉంటాయి. ప్రకటనల ఖర్చు 6.2 కోట్లు. అందులో టీవీకి 3.5 కోట్లు, పేపర్లకు 1.5 కోట్లు, ఆన్‌లైన్‌కి 1.2 కోట్లు పోతాయి. కంపెనీని ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలన్నీ ఒకే నిష్పత్తిలో మార్చి, రౌండ్ చేసి ఇస్తున్నాను.

ఎండీ గారు అడిగింది ఒక్కటే ప్రశ్న: "పేపర్ ఆపేస్తే ఏమవుతుందండీ?" ఆన్‌లైన్ ప్రకటనలు చూసే ఏజెన్సీ, రూపాయి పెడితే ఏడు రూపాయల అమ్మకం వస్తోందని తన డ్యాష్‌బోర్డు చూపించింది. టీవీ ఏజెన్సీ జీఆర్‌పీలు చూపించింది, అంటే ప్రకటన ఎంతమందికి ఎన్నిసార్లు కనబడిందో చెప్పే లెక్క. పేపర్ వైపు మాట్లాడింది మాత్రం డిస్ట్రిబ్యూటర్లే. పేపర్లో బొమ్మ పడితేనే షాపువాడు సరుకు దించుకుంటాడని వాళ్ల వాదన. మూడు వాదనలూ మూడు వేర్వేరు కొలతల మీద నిలబడ్డాయి. మూడింటినీ అమ్మకాలు అనే ఒకే కొలతతో తూచడమే మార్కెటింగ్ మిక్స్ మోడల్ పని. వారం వారం అమ్మకాలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో విడదీసి, ధర వల్ల ఎంత, పండగ వల్ల ఎంత, ఏ ప్రకటన వల్ల ఎంత అని పంచుతుంది.

ఏ అమ్మకాలు, ఏ తేదీలు

కంపెనీ దగ్గర అయిదేళ్ల అమ్మకాల లెక్క ఉంది. కానీ అది ప్రైమరీ సేల్స్, అంటే కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి వేసిన బిల్లులు. నెలలో సగం బిల్లింగ్ ఆఖరి వారంలోనే జరుగుతుంది. మార్చి ఆఖరులోనైతే టార్గెట్ కోసం గోడౌన్లు నింపేస్తారు. ఆ వారం టీవీలో ప్రకటన వచ్చి ఉంటే మోడల్ ఆ ఘనతంతా టీవీకే కట్టబెడుతుంది. అందుకే సెకండరీ సేల్స్, అంటే డిస్ట్రిబ్యూటర్ షాపుకి వేసిన బిల్లులు తీసుకున్నాం. అవి డిస్ట్రిబ్యూటర్ల సాఫ్ట్‌వేర్‌లో రోజువారీగా దొరుకుతాయి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ అన్ని చోట్లా నిలదొక్కుకున్నది 2023 ఏప్రిల్ నుంచే. దాంతో చేతికొచ్చింది 2025 మార్చి వరకు రెండేళ్లు, 104 వారాలు.

ప్రకటనల వైపు ఎక్కువ పని పట్టింది తేదీలతోనే. అకౌంట్స్ విభాగంలో పేపర్ బిల్లు ప్రకటన వచ్చిన నెలన్నర, రెండు నెలల తర్వాత ఎక్కుతుంది. ఆ తేదీలే వాడితే సంక్రాంతి ప్రకటన మార్చి అమ్మకాలకు కారణమైనట్టు తేలుతుంది. కాబట్టి రిలీజ్ ఆర్డర్లు, పేపర్ కటింగులు తెప్పించి, ఏ రోజున ఏ ఎడిషన్‌లో ఎన్ని చదరపు సెంటీమీటర్లు పడిందో రాయించాం. టీవీకి రూపాయలు కాకుండా జీఆర్‌పీలు తీసుకున్నాం, ఎందుకంటే పండగ రోజుల్లో రేటు పెరుగుతుంది, అంత మాత్రాన చూసేవాళ్లు పెరిగినట్టు కాదు. టీవీ రేటింగులిచ్చే సంస్థ బార్క్. దాని రేటింగ్ వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. కంపెనీ వారం సోమవారం మొదలవుతుంది. అమ్మకాలు రోజువారీగా ఉన్నాయి కాబట్టి వాటినే శనివారం నుంచి శుక్రవారానికి కూడాం. రెండు రోజుల తేడాయే కదా అని వదిలేస్తే, ప్రభావం ఒకటి రెండు వారాల్లోనే తగ్గిపోయే పేపర్ ప్రకటన విషయంలో లెక్క తప్పుతుంది.

ఇవి కాక ధర, బిల్లు పడిన షాపుల సంఖ్య, షాపులకిచ్చిన స్కీములు, సంక్రాంతి, దసరా-దీపావళి, ఆవకాయ సీజన్ ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వరద వచ్చి విజయవాడలో షాపులే తెరుచుకోలేదు, దానికీ ఒక గుర్తు పెట్టాం. క్రమంగా పెరిగే ట్రెండ్ ఒకటి, టీవీ, పేపర్, ఆన్‌లైన్ వీడియో కలిపితే మొత్తం పదకొండు కారణాలు. ఒక్కో కారణానికి కనీసం పది పరిశీలనలు ఉండాలన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. 104కి పదకొండంటే అప్పటికే అంచు కాస్త దాటాం. ఒక్కో చానల్‌కి ఒకటి, ఒక్కో పేపర్‌కి ఒకటి అని విడగొట్టమని మార్కెటింగ్ విభాగం అడిగింది, ఒప్పుకోలేదు.

ఆన్‌లైన్‌లో "వీడియో" అని ఎందుకన్నానంటే, ఆ 1.2 కోట్లలో 30 లక్షలు కంపెనీ పేరు కొట్టి వెతికేవాళ్లకు చూపించే సెర్చ్ ప్రకటనలవి. టీవీలో చూసి పేరు వెతికినవాడు ఆ లింకు నొక్కుతాడు, డ్యాష్‌బోర్డు ఆ అమ్మకాన్ని సెర్చ్ ఖాతాలో వేసుకుంటుంది. ఇక్కడ డిమాండ్ పెరిగింది కాబట్టి ఖర్చు పెరిగింది, ఖర్చు పెట్టినందుకు డిమాండ్ పెరగలేదు. దాన్ని కారణాల్లో పెడితే మోడల్ కూడా డ్యాష్‌బోర్డులాగే మోసపోతుంది. అందుకే సెర్చ్‌ని పక్కన పెట్టి, వీడియో, సోషల్ మీడియా మీద పెట్టిన 90 లక్షలనే తీసుకున్నాం.

మిగిలిపోయే ప్రభావం

టీవీ ప్రకటన ఈ వారం చూసినామె కారం ప్యాకెట్ అయిపోయాక మూడో వారంలో కొంటుంది. ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తెచ్చేదే యాడ్‌స్టాక్. ఈ వారం ప్రకటనకి, పోయిన వారం నుంచి మిగిలిన దానిలో కొంత భాగం కలుపుతాం. ఆ భాగమే లాంబ్డా.

```python
def adstock(x, lam):
    out, prev = [], 0
    for v in x:
        prev = v + lam * prev
        out.append(prev)
    return out
```

లాంబ్డా 0.7 అయితే ఒక వారం వేసిన 100 జీఆర్‌పీలు తర్వాతి వారాల్లో 70గా, 49గా, 34గా మిగులుతాయి. అంటే దాదాపు రెండు వారాలకు సగం. డేటా పుష్కలంగా ఉంటే లాంబ్డాని మోడలే కనిపెడుతుంది. 104 వారాలతో ఆ స్వేచ్ఛ ఇస్తే అది 0.95 లాంటి విలువ పట్టుకుని, ఏడాది పొడవునా నెమ్మదిగా పెరిగే అమ్మకాలన్నీ టీవీ వల్లేనంటుంది. అందుకని టీవీకి 0.5 నుంచి 0.8 వరకు నాలుగు విలువలు, పేపర్‌కి, వీడియోకి 0.1 నుంచి 0.4 వరకు విలువలు మాత్రమే ఇచ్చి, వాటన్నిటితో లెక్కేసి చూశాం. టీవీకి ఏది వాడినా అమ్మకాలకు సరిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 0.7 ఉంచాం. ప్రకటన రెట్టింపైతే ఫలితం రెట్టింపు కాదు కాబట్టి, యాడ్‌స్టాక్‌కి 0.6 ఘాతం వేశాం. ఎస్ ఆకారపు వంపులు వేసే పద్ధతులున్నాయి కానీ, ఆ వంపు ఎక్కడ తిరుగుతుందో తేల్చేంత డేటా మా దగ్గర లేదు.

మొదటి మోడల్ ఏం చెప్పింది

ఆర్-స్క్వేర్ 0.93 వచ్చింది. అంటే అమ్మకాల హెచ్చుతగ్గుల్లో 93 శాతం మోడల్‌కి అందాయన్నమాట. చాలా రిపోర్టులు ఈ అంకెను మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేస్తాయి. నేను ప్రతి ప్రాజెక్టులోనూ దాని పక్కన ఇంకొక అంకె వేస్తాను: ప్రకటనలన్నీ తీసేసి అదే మోడల్ నడిపితే ఎంత వస్తుందో. ఇక్కడ 0.90 వచ్చింది. పండగలు, ధర, షాపుల సంఖ్యే దాదాపు మొత్తం కథ చెప్పేస్తున్నాయి. మూడు రకాల ప్రకటనలూ పంచుకోవాల్సింది ఆ మిగిలిన కాస్తనే.

ఇక గుణకాల దగ్గరికొస్తే, పేపర్‌కి మైనస్ వచ్చింది. పేపర్లో ప్రకటన వేస్తే అమ్మకాలు తగ్గుతాయని అర్థం. ఎండీ గారికి ఈ అంకె చూపిస్తే ఆ రోజే పేపర్ ఆపేసేవారు. చూపించే ముందు, ఆఖరి 13 వారాలు తీసేసి మళ్లీ నడిపాం. ఈసారి పేపర్ గుణకం ప్లస్‌కి మారింది, పైగా ఒక్కో రూపాయికి టీవీ కంటే రెట్టింపు ఫలితం చూపించింది. మూడు నెలల డేటా తీస్తే గుర్తే తిరగబడే అంకె మీద కోటిన్నర రూపాయల నిర్ణయం తీసుకోకూడదు.

కారణం ఎత్తుకుంటే వెంటనే దొరికింది. రెండేళ్లలో టీవీ, పేపర్ ప్రకటనల మధ్య కోరిలేషన్ 0.84. టీవీ మొదలైన వారమే పేపర్ మొదలవుతుంది, రెండూ ఎక్కువగా సంక్రాంతికి, ఆవకాయ సీజన్‌కి, దసరాకే వస్తాయి. జోడెడ్ల బండిలో ఏ ఎద్దు ఎంత లాగిందో బండి వేగం చూసి చెప్పలేం. దసరా 2023లో అక్టోబరు నాలుగో వారంలో, 2024లో 12వ తేదీన వచ్చింది కదా, ఆ తేడా ఉపయోగపడదా అని కంపెనీలో ఒకరు మంచి ప్రశ్న వేశారు. వాతావరణాన్ని, నెలను పండగ నుంచి విడదీయడానికి అది పనికొస్తుంది. కానీ పండగ తేదీ మారితే దానితోపాటు ప్రకటనల తేదీలూ మారాయి, కాబట్టి పండగ నుంచి ప్రకటనను విడదీయడానికి పనికిరాదు.

మెటా రాబిన్, గూగుల్ మెరిడియన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతున్నాయి. ఈ దశలో చాలామంది ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటారు. డేటాలో లేని తేడాని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. ఆ తేడా ఇంకెక్కడైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

డిపోలవారీగా చూస్తే

తెలుగు పేపర్లలో ప్రకటన ఎడిషన్లవారీగా కొనొచ్చు. కర్నూలులో వేసి గుంటూరులో మానేయొచ్చు. వీడియో ప్రకటనల్ని కూడా ఊరు చూసి ఆపొచ్చు. అమ్మకాలు కూడా కంపెనీకున్న 24 డిపోలవారీగా ఉన్నాయి. అలా చేస్తే 104 వరుసల స్థానంలో 2,496 వరుసలొస్తాయి. డేటా ఇరవై నాలుగు రెట్లయిందని మురిసిపోవడానికి లేదు. ఒకే వారంలో అన్ని డిపోలూ ఒకే పండగ, ఒకే టీవీ ప్రకటన చూస్తాయి. శాటిలైట్ చానల్ ప్రకటన జిల్లాకొకటిగా మారదు. కాబట్టి టీవీ విషయంలో మన దగ్గర ఇంకా ఉన్నవి 104 పరిశీలనలే. వరుసలన్నీ స్వతంత్రమైనవని అనుకుని లెక్కేస్తే టీవీ అంచనా చుట్టూ ఉన్న అనిశ్చితి అబద్ధంగా కుదించుకుపోతుంది. ప్రతి వారాన్నీ ఒక గుంపుగా భావించి ఆ అనిశ్చితి లెక్కకట్టాలి.

పేపర్ విషయంలో పాత డేటాలోనే కొంత తేడా దొరికింది. 2024లో ఖర్చు తగ్గించడానికి ఎనిమిది డిపోల పరిధిలో ఎడిషన్లు మానేశారు. అయితే వాటిని ఎలా ఎంచుకున్నారని అడిగితే, "అక్కడ సేల్స్ డల్‌గా ఉన్నాయండి" అన్నారు. అమ్మకాలు తగ్గుతున్న చోటే పేపర్ ఆపితే, పేపర్ ఆపినందువల్లే అమ్మకాలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తేడా వాడలేం. కావాల్సింది లాటరీ వేసి ఆపిన తేడా.

ఎనిమిది వారాల పరీక్ష

కొన్ని డిపోలు రెండు ఎడిషన్ల పరిధిలోకి వస్తాయి. ఒక ఎడిషన్ ఆపినా రెండోది అక్కడికి చేరుతుంది. అలాంటి నాలుగింటిని తీసేశాం. మిగిలిన ఇరవై డిపోల్ని గత రెండేళ్ల అమ్మకాల తీరును బట్టి పది జతలు చేశాం. జతలో ఒకదానికి పేపర్ ఉంటుంది, ఇంకొకదానికి ఉండదు. ఏది అన్నది ఎండీ గారి ముందే నాణెం ఎగరేసి తేల్చాం. 2025 జూన్ ఆఖరు నుంచి ఆగస్టు మూడో వారం వరకు, అంటే వినాయక చవితికి ముందే ముగిసేలా నడిపాం. టీవీ, వీడియో, స్కీములు అన్ని చోట్లా మామూలుగానే ఉంచాం.

ఇలాంటి పరీక్షని చెడగొట్టేది ఎప్పుడూ గణితం కాదు, మనుషుల మంచి ఉద్దేశం. పేపర్ ఆగిన ఒక డిపోలో సేల్స్ ఆఫీసర్ టార్గెట్ పోతుందన్న టెన్షన్‌తో పన్నెండు ప్యాకెట్లకి ఒకటి ఉచితంగా ఇచ్చేశాడు. స్కీముల రిపోర్టు వారం వారం చూస్తున్నందువల్ల మూడో వారంలోనే బయటపడింది. అమ్మకాల ఫలితం చూడకముందే ఆ జతని తీసేయాలని రాసి పెట్టుకున్నాం. ఫలితం చూశాక తీసేస్తే మనకి నచ్చనిదాన్ని తీసేసినట్టవుతుంది.

తొమ్మిది జతల సగటు ఇది: పేపర్ ఆగిన చోట అమ్మకాలు 1.8 శాతం తక్కువ. 90 శాతం నమ్మకంతో చెప్పాలంటే 0.5 నుంచి 3.1 మధ్య. పేపర్ పనిచేస్తోంది, సున్నా కాదు. మైనస్ అసలే కాదు.

కానీ ఎండీ గారి ప్రశ్న డబ్బు గురించి. పేపర్ ఆగిన డిపోల అమ్మకాలు ఆ ఎనిమిది వారాల్లో 10.4 కోట్లు ఉండాల్సినవి. అందులో 1.8 శాతం అంటే దాదాపు 19 లక్షల అమ్మకం పోయింది. ఈ పొడుల మీద సరుకు ఖర్చు, రవాణా, కమీషన్ పోగా మిగిలేది 30 శాతం. అంటే పోయిన లాభం 5.6 లక్షలు. అక్కడ పేపర్ మీద మామూలుగా పెట్టేది 14 లక్షలు. అంచనాని అన్నిటికంటే పైన, 3.1 శాతం దగ్గర తీసుకున్నా, పోయిన లాభం 10 లక్షల లోపే. ఏ వైపు నుంచి చూసినా ఆ ఎనిమిది వారాల్లో పేపర్ తన ఖర్చు తాను సంపాదించుకోలేదు.

దీన్ని ఎంతవరకు సాగదీయొచ్చో కూడా అప్పుడే చెప్పాం. ఇది ఆషాఢం, శ్రావణాల్లో చేసిన పరీక్ష. ఆవకాయ సీజన్‌లో మొదటి పేజీ ప్రకటన గురించి ఇది ఏమీ చెప్పదు. ఏళ్ల తరబడి పేపర్ లేకపోతే డిస్ట్రిబ్యూటర్లు చల్లబడతారా అన్నదీ చెప్పదు. అందుకే కంపెనీ సంక్రాంతి, ఆవకాయ ప్రకటనలు అలాగే ఉంచి, మిగతా నెలల పేపర్ ఖర్చులో 60 లక్షలు తగ్గించింది. డిస్ట్రిబ్యూటర్లకి షాపు బోర్డుల రూపంలో అందులో కొంత తిరిగి వెళ్లింది, అది లెక్కల కంటే మర్యాదకి సంబంధించిన విషయం.

పరీక్ష ఫలితం మోడల్‌లోకి

ఆ 1.8 శాతాన్ని రిపోర్టులో పెట్టి వదిలేస్తే సగం ఉపయోగమే. ముందే తెలిసినదాన్ని డేటాతో కలిపి లెక్కేసే బేసియన్ పద్ధతిలో మోడల్ కట్టి, పేపర్ ప్రభావం గురించిన ముందస్తు నమ్మకంగా అదే అంకెను, దాని చుట్టూ 0.7 అనిశ్చితిని ఇచ్చాం. పండగ వారాలకు ఆ అనిశ్చితిని మరికాస్త పెంచాం, ఎందుకంటే పరీక్ష అక్కడ జరగలేదు. ఒక ఎద్దు బలం ఎంతో కొంత తెలిసింది కాబట్టి రెండోదాని అంచనా కూడా బిగుసుకుంది. అంతకుముందు టీవీ వాటా మొత్తం అమ్మకాల్లో 1 నుంచి 15 శాతం వరకు ఎక్కడైనా ఉండొచ్చని మోడల్ చెప్పేది. ఇప్పుడు 4 నుంచి 11 అంటోంది. ఆఖరి 13 వారాలు తీసేసి నడిపినా ఆ పరిధి పెద్దగా కదల్లేదు, గుర్తులేవీ తిరగబడలేదు. ఆన్‌లైన్ వీడియోకి 1 నుంచి 3 శాతం వచ్చింది. 90 లక్షల ఖర్చుకి లాభం 45 లక్షల నుంచి 1.35 కోట్ల మధ్య. అమ్మకాల్లో చూస్తే రూపాయికి 1.7 నుంచి 5 రూపాయలు, డ్యాష్‌బోర్డు చెప్పిన ఏడుకి ఏ చివరా చేరదు. పేపర్లో మిగిలిన డబ్బు ఆన్‌లైన్‌కి మళ్లించమని ఏజెన్సీ అడిగింది. దానికి ఈ అంకెల్లో ఆధారం లేదని చెప్పాం.

టీవీ దగ్గర మాత్రం సూటిగా సమాధానం ఇవ్వలేకపోయాం. అమ్మకంలో మిగిలే 30 శాతంతో ఆ 3.5 కోట్లు తిరిగి రావాలంటే టీవీ వల్ల 11.7 కోట్ల అమ్మకం, అంటే 7.8 శాతం రావాలి. మోడల్ చెప్పే 4 నుంచి 11 పరిధిలో అది దాదాపు నడిమధ్యన ఉంది. టీవీ డబ్బు తెస్తోందా, పోగొడుతోందా అన్నది ఈ డేటాతో తేలదు. మధ్యలోని 7.5 తీసుకుని "టీవీ దాదాపు ఖర్చు తెచ్చుకుంటోంది" అని రిపోర్టులో రాయడం తేలిక. రాయలేదు, పరిధినే రాశాం.

టీవీని జిల్లాలవారీగా ఆపలేం కాబట్టి, కాలంలో ఆపాలి. ఏడాది మొత్తం జీఆర్‌పీలు తగ్గించకుండా, వారాల అమరికే మార్చాలని ప్రతిపాదించాం. ఫిబ్రవరిలో నాలుగు వారాలు, జులైలో నాలుగు వారాలు టీవీ పూర్తిగా బంద్. అక్కడ మిగిలిన జీఆర్‌పీలు నవంబరు రెండో సగం లాంటి పండగ లేని వారాల్లో దట్టంగా వేస్తారు, ఆ వారాల్లో పేపర్ ఉండదు. బంద్ రెండు వారాలే చేద్దామని టీవీ ఏజెన్సీ బేరమాడింది. లాంబ్డా 0.7 అయితే రెండు వారాల తర్వాత కూడా పాత ప్రకటన ప్రభావంలో 49 శాతం మిగిలే ఉంటుంది, నాలుగు వారాలకి 24 శాతానికి దిగుతుంది. రెండు వారాల బంద్‌తో అమ్మకాల్లో వచ్చే తేడా మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. ఈ లెక్క చూశాక ఎండీ గారు నాలుగు వారాలకి ఒప్పుకున్నారు. 7.8 అన్న అంకెని మాత్రం మీటింగ్ మినిట్స్‌లో ఇప్పుడే రాయించారు. కొత్త ఏడాది డేటా కలిపాక పరిధి మొత్తం దానికి కిందే ఉంటే టీవీ బడ్జెట్‌లో నాలుగో వంతు కోయాలని, పైనే ఉంటే ముట్టుకోకూడదని, ఇంకా మధ్యలోనే ఉంటే బంద్ వారాలు మరో ఏడాది కొనసాగించాలని అదే పేజీలో ఉంది.